ఒక పరుపు, మూడు మరకలు: బైరాగిపట్టెడ కేసు

తిరుపతిలో సొంత ఇల్లు ఉన్నవాళ్లకు జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటుంది. బంధువుల్లో ఎవరు కొండకు వచ్చినా దిగేది వాళ్లింట్లోనే. తెల్లవారుజామున రైలు దిగి వచ్చి రెండు గంటలు నడుం వాల్చేవాళ్లు, దర్శనం చేసుకుని కాళ్లు పీకుతూ వచ్చి పడుకునేవాళ్లు, అలిపిరి మెట్లెక్కి తడిసిన బట్టలతోనే మంచం మీద కూలబడేవాళ్లు. ఆ ఇళ్లలో చుట్టాల గదిలోని పరుపు లాడ్జి పరుపుకన్నా ఎక్కువ చెమట తాగుతుంది. సోఫాలు, పరుపులు శుభ్రం చేసే పనిలో ఉన్న నాకు ఏటా రథసప్తమి అయిన వారానికి ఇలాంటి ఇళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి.

ఈ కేసు బైరాగిపట్టెడలో ఒక విశ్రాంత టీచరమ్మగారిది. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఐదంగుళాల మందం ఉన్న కాయిర్ పరుపు. కింద నాలుగంగుళాలు రబ్బరు పాలతో అతికించిన కొబ్బరి పీచు, పైన అంగుళం ఫోము, దాని మీద పువ్వుల అల్లికతో కుట్టేసిన లేత గోధుమరంగు గుడ్డ. ఆ గుడ్డను విప్పి ఉతకడానికి వీల్లేదు. కొని ఏడేళ్లయింది.

"వాసన పోతే చాలు నాయనా, మరకలు ఉన్నా దుప్పటి కప్పేస్తాను" అన్నారావిడ. గదిలోకి వెళ్లగానే ఆవిడ మాటలోని బాధ అర్థమైంది. పుల్లటి చెమట వాసన ఒకటి. దాని కింద తడి కొబ్బరి పీచు మగ్గిన వాసన మరొకటి. ఈ రెండోది చెమటతో వచ్చేది కాదు. ఆ పరుపులోకి ఎవరో నీళ్లు పోశారు.

అడిగితే చెప్పారు. డిసెంబరులో వాళ్లబ్బాయి సెలవులకు వచ్చి, అమ్మకు సాయం చేద్దామని ఒక మగ్గు నీళ్లలో బట్టల సబ్బు పొడి కలిపి, పరుపు మధ్యలో పోసి, బ్రష్షుతో రుద్దాడు. ఆ వారమంతా ముసురు. ఫ్యాను కింద పై గుడ్డ మర్నాటికల్లా ఆరిపోయింది. లోపలి పీచు ఆరలేదు.

పరుపు తడిస్తే జరిగే నష్టం అంతా ఇక్కడే ఉంది. పై గుడ్డకు గాలి తగులుతుంది కాబట్టి గంటల్లో ఆరుతుంది, చేత్తో తడిమితే పొడిగానే ఉంటుంది. ఫోము దాటి పీచులోకి దిగిన నీటికి బయటకు దారి లేదు. కింద చెక్క పలక, పైన ఫోము. కొబ్బరి పీచుకు సహజంగా ఉండే గోధుమరంగు ఆ నీటిలో కరుగుతుంది. నీరు మెల్లగా పైకి పాకి గుడ్డ దగ్గర ఆవిరైపోతుంది, రంగు అక్కడే ఉండిపోతుంది. మరక పోగొట్టడానికి పోసిన నీళ్లే కొత్త మరకను పైకి తెచ్చి పెడతాయన్నమాట. ఈ పరుపు మధ్యలో అదే కనిపించింది. భోజనపు పళ్లెమంత గుండ్రటి చార, లోపల లేత రంగు, అంచు మాత్రం టీ గ్లాసు కింద మిగిలిన గీతలా ముదురుగా ఉంది.

మరకల్ని చూడటం

కిటికీ తలుపులు తీసి, దుప్పటి తొలగించి, నేను మొదటి పావుగంట ఏమీ చేయను. చూస్తాను. చాలామంది మరక కనిపించగానే సీసా తీస్తారు. ఏ మరకకు ఏది పనిచేస్తుందో తేల్చుకోకుండా తీసిన సీసా రెండో మరకను తెస్తుంది.

ఇక్కడ మూడు రకాలున్నాయి. మధ్యలో ఇందాక చెప్పిన నీటి చార. దాని చుట్టూ, భుజాల దగ్గర నుంచి నడుము దాకా, మనిషి పడుకున్న ఆకారంలోనే పరుచుకున్న లేత పసుపు. దీనికి స్పష్టమైన అంచు లేదు, క్రమంగా గుడ్డ రంగులో కలిసిపోయింది. అది చెమట. చెమటలోని నీరు ఆవిరైపోయాక ఉప్పు, చర్మం నుంచి వచ్చిన నూనె గుడ్డలో నిలిచిపోతాయి. ఆ నూనె గాలి తగిలి నెలల తరబడి ముదురుతూ పసుపు రంగుకు తిరుగుతుంది. మూడోది తలవైపు, అరచేయంత మచ్చలు రెండు. రంగు మిగతా వాటికన్నా ప్రకాశంగా, ఇంచుమించు బంతిపువ్వు రంగులో ఉంది. తలవైపు చెమట ఎక్కువ పడుతుంది కదా అని నేను దాన్ని కూడా చెమట లెక్కలోనే వేశాను. ఆ తప్పు గురించి తర్వాత చెబుతాను.

వీటితోపాటు అడుగువైపు కూడా తిప్పి చూడాలి. నల్లటి చుక్కలు గుంపులుగా కనిపిస్తే బూజు పీచులోకి పాకినట్టే. ఆ పరుపును నేను శుభ్రం చేయను, పారేయమని చెబుతాను. ఎంత ఎండబెట్టినా, ఎంత సోడా చల్లినా పీచు లోపలి బూజును అందుకోలేం. ఇక్కడ చుక్కలు లేవు. కుట్లలో నల్లుల జాడ కూడా లేదు. ఉండి ఉంటే అది వేరే పని, ఎండతో తీరేది కాదు.

ముందు ఎండ

వంటసోడా ముందా, ఎండ ముందా అని చాలామంది అడుగుతారు. తడి ఉన్న పరుపు మీద సోడా చల్లితే అది తేమ పీల్చి ముద్దకట్టి అల్లిక కుట్లలోకి దిగుతుంది, ఆరాక తెల్లటి పెళుసు పొరలా పట్టుకుంటుంది. వాక్యూమ్ క్లీనర్ దాన్ని లాగలేదు. కాబట్టి ముందు లోపలి తడి పోవాలి.

లోపల తడి ఉందో లేదో తెలుసుకోవడానికి నేను వాడేది అడుగు చదరం పారదర్శక పాలిథిన్ ముక్క. పరుపును మిద్దె మీద ఎండలో పెట్టి, అనుమానం ఉన్నచోట ఈ ముక్కను పరిచి, నాలుగు అంచులూ టేపుతో మూసేస్తాను. అరగంట తర్వాత దాని అడుగున ఆవిరి పట్టి చిన్న చుక్కలు కనిపిస్తే లోపల నీరుంది. మొదటిరోజు ఈ పరుపు మధ్యలో ఐదు నిమిషాలకే మసక మొదలైంది. డిసెంబరులో పోసిన నీరు ఫిబ్రవరిలోనూ ఉందంటే ఆవిడ నమ్మలేదు. వేలితో పాలిథిన్ ఎత్తి చూపించాను. నిజానికి అదంతా పాత నీరే కానక్కర్లేదు. సబ్బు పొడి మిగులు గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది, రోజూ పడే చెమట కూడా అందులో చేరుతుంది.

కాయిర్ పరుపును మడవకూడదు. మడిస్తే పీచును పట్టి ఉంచే రబ్బరు విరిగి, అక్కడ శాశ్వతంగా గుంట పడుతుంది. మెట్ల మలుపులో నిలువుగా పట్టుకుని ఇద్దరం మోశాం. మిద్దె నేల మీద నేరుగా వేయలేదు. వాళ్ల పాత నవారు మంచం మీద వేశాం, కింద నుంచి గాలి ఆడాలని. సిమెంటు నేల మీద వేస్తే పైభాగం కాలుతుంది, అడుగుభాగం చెమ్మగానే ఉంటుంది.

సమయం పదింటి నుంచి మూడింటి దాకా, ఒక్కో వైపు రెండు నుంచి రెండున్నర గంటలు. అంతకు మించి నేను ఉంచను. ఎండ ఎక్కువైన కొద్దీ మంచిదనుకోవడం ఈ పరుపుల విషయంలో నిజం కాదు. పీచును పట్టి ఉంచే రబ్బరు ఎండకు గట్టిపడి పొడిపొడిగా రాలుతుంది, ఫోము కూడా వెలుతురుకు తనంతట తాను పసుపెక్కుతుంది. గుడ్డ కప్పి ఉన్నంతవరకు రెండు మూడు గంటలతో నష్టం లేదు. గలేబు చిరిగి ఫోము బయటపడితే మాత్రం అక్కడ పాత నూలు చీర కప్పి ఎండబెట్టాలి. మే నెల ఎండల్లో అయితే నేను ఉదయం తొమ్మిది నుంచి పదకొండు వరకే ఒప్పుకుంటాను. నాలుగింటి తర్వాత పరుపు మిద్దె మీద ఉండకూడదు. చలికాలంలో పొద్దు వాలగానే గాలిలోని చెమ్మ మళ్లీ దానిలోకే చేరుతుంది.

ఇక మన ఊరికే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. కొండకు దగ్గరి వీధుల్లో కోతులు మిద్దెల మీద తిరుగుతుంటాయి. పరుపు కనిపిస్తే ఎక్కి గెంతుతాయి, కుట్లు పీకుతాయి. మా కుర్రవాడు కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు. ఆ రోజు కూలిలో సగం దానికే ఇచ్చినట్టు లెక్క.

ఎండ చేసిన పని ప్రధానంగా ఆరబెట్టడం. పైపైన ఉన్న సూక్ష్మక్రిములు కొన్ని ఎండకు చస్తాయి, ధూళి పురుగులకు తేమ లేకపోతే బతుకు కష్టమవుతుంది. నాలుగంగుళాల లోపలికి మాత్రం వేడి అంతగా వెళ్లదు. రెండో రోజు పాలిథిన్ మీద పలచటి మసక మాత్రమే వచ్చింది. మూడో రోజు ఏమీ లేదు. పీచు మగ్గిన వాసన అప్పటికే పోయింది, పుల్లటి చెమట వాసన మిగిలింది. ఇప్పుడు సోడా వంతు.

పొడి సోడా, ఆపేసిన ఫ్యాను

చెమట స్వయంగా అంత కంపు కొట్టదు. చర్మం మీది క్రిములు దాన్ని తిని వదిలే ఆమ్లాలది ఆ పుల్లటి వాసన. వంటసోడా క్షారం. ఆ ఆమ్లాలతో కలిసి వాసన లేని లవణాలుగా మారుస్తుంది. దాని బలమంతా అదే, దాని హద్దు కూడా అదే. పిల్లలు పక్క తడిపిన పాత వాసన అమ్మోనియాది, అదే ఒక క్షారం. దాని మీద సోడా ఎంత చల్లినా ఉపయోగం ఉండదు.

కొనేటప్పుడు జరిగే పొరపాటు గురించి చెప్పాలి. వంటసోడా, బేకింగ్ పౌడర్, చాకలి సోడా మూడూ వేరు. బేకింగ్ పౌడర్‌లో సోడాతోపాటు దాన్ని పొంగించే ఆమ్లం, పిండి ఉంటాయి. ఆ పిండి పరుపులో మిగిలితే చెమ్మకు జిగటగా మారి బూజుకు మేతవుతుంది. చాకలి సోడా క్షారం మరీ ఘాటు, చర్మం తగిలేచోట అది వద్దు.

పరుపును గదిలోకి దింపి, వేడి తగ్గాక ముందు ఒకసారి వాక్యూమ్ క్లీనర్‌తో దుమ్ము లాగాం. తర్వాత నాలుగు వందల గ్రాముల సోడాను టీ వడకట్టుతో జల్లించాను. చేత్తో చల్లితే ఒకచోట కుప్ప, ఒకచోట ఖాళీ. వడకట్టుతో అయితే పిండి ముగ్గు వేసినట్టు సన్నగా పడుతుంది. గుడ్డ పువ్వులు మసకగా కనిపించేంత పొర చాలు. చెమట ఉన్న భాగంలో కొంచెం మందంగా వేసి, మెత్తటి బ్రష్షుతో ఒకే దిశలో నిమిరాను, అల్లిక సందుల్లోకి దిగేలా.

టీచరమ్మగారు అలవాటు కొద్దీ ఫ్యాను వేశారు. క్షణంలో గదంతా వైకుంఠంలా తెల్లటి మేఘం. ఆ పొడిలో కాస్త అల్మారా మీదికి, కాస్త దేవుడి పటాల మీదికి వెళ్లింది. తలుపు మూసి, ఫ్యాను స్విచ్చు మీద కాగితం అతికించి, రాత్రంతా అలాగే వదిలేశాం.

మర్నాడు ఉదయం సన్నటి మూతితో పొడిని లాగాం. ఇక్కడ తొందర పనికిరాదు. ముందు పొడవునా, తర్వాత అడ్డంగా, ఒక్కో అడుగుకు ఐదారు సెకన్లు ఇస్తే తప్ప కుట్లలోది రాదు. సోడా చాలా సన్నటి పొడి, యంత్రం వడపోతను త్వరగా మూసేస్తుంది. మధ్యలో లాగే శబ్దం సన్నబడితే ఆపి, వడపోతను బయట దులపాలి. వాక్యూమ్ క్లీనర్ లేని ఇంట్లో పరుపును నిలబెట్టి, వెనక నుంచి బెత్తంతో తడుతూ ముందువైపు బ్రష్షుతో దించుకోవచ్చు. రెట్టింపు సమయం పడుతుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

వాసన చూడటానికి గదిలో నిలబడి పీల్చితే తెలియదు. అరచేతితో పరుపును గట్టిగా నొక్కి, వదిలేటప్పుడు బయటకు వచ్చే గాలిని వాసన చూడాలి. అడుగువైపు, తలవైపు వాసన లేదు. నడుము దగ్గర కొంచెం మిగిలింది. అక్కడ మాత్రం మరో నూట యాభై గ్రాములు చల్లి, ఆరు గంటలు ఉంచి తీశాం. దాంతో ఆవిడ అడిగిన పని అయిపోయింది.

ఎర్ర మచ్చ

వాసన పోయింది కదా, ఆపేసి ఉండొచ్చు. చెమట మరకలు కూడా కొంత తగ్గిద్దామని నేనే అన్నాను.

దీనికి మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతాను. మన దగ్గర సాధారణంగా అమ్మేది ఆరు శాతం బలంది. సమానంగా నీళ్లు కలిపితే మూడు శాతం అవుతుంది. యాభై మిల్లీలీటర్ల పెరాక్సైడు, యాభై మిల్లీలీటర్ల నీళ్లు, చెంచాడు వంటసోడా, రెండే రెండు చుక్కలు గిన్నెలు తోమే ద్రవం. చేతికి తొడుగులు ఉండాలి. కలిపింది కలిపినప్పుడే వాడేయాలి, మిగిలితే పారబోయాలి. సీసాలో పోసి మూత బిగిస్తే లోపల వాయువు పుట్టి పగులుతుంది. ఈ పెరాక్సైడు రంగుల్ని కూడా తినేస్తుంది కాబట్టి ముందు కనిపించని మూలలో చుక్క పెట్టి పావుగంట చూశాను. పువ్వుల రంగు మారలేదు.

తడి ఎంత అనేదే ఇక్కడ అసలు నేర్పు. మిశ్రమాన్ని పరుపు మీద పోయకూడదు. తెల్లటి నూలు గుడ్డను అందులో ముంచి, చుక్క కారనంతగా పిండి, మరక అంచు నుంచి లోపలికి అద్దాలి. అరచేయంత భాగానికి మూడు చెంచాలకు మించి పట్టకూడదు. అద్దిన తర్వాత వేలితో నొక్కితే గుడ్డ చెమ్మగా ఉండాలి, వేలి చుట్టూ నీరు ఊరకూడదు. ఊరిందంటే ఫోములోకి దిగింది, వెంటనే పొడి తువ్వాలు వేసి మోకాలితో నొక్కాలి. ఇరవై నిమిషాలు ఆగి, తడిపి పిండిన గుడ్డతో రెండుసార్లు అద్ది, పొడి తువ్వాలుతో నొక్కేస్తే ఆ భాగం అయిపోయినట్టు.

నడుము భాగం నేను చేస్తున్నాను. తలవైపు మచ్చలు మా కుర్రవాడికి అప్పగించాను. నిమిషం కాలేదు, "అన్నా, ఇటు చూడు" అని కేక. బంతిపువ్వు రంగు మచ్చ ముదురు ఎరుపుకు తిరిగింది. టీచరమ్మగారు గుమ్మంలో నిలబడి "అయ్యో, రక్తమా అది?" అన్నారు.

పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మన ఇళ్లలో తెలియనివారు ఉండరు. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సున్నం చేసే పనే ఇక్కడ సోడా చేసింది. అంటే అది చెమట మరక కాదు. "ఈ పరుపు మీద గుండు చేయించుకున్నవాళ్లు పడుకున్నారా అమ్మా?" అని అడిగాను. రథసప్తమికి వచ్చిన ఆడపడుచు పిల్లలిద్దరికీ కొండ మీద తలనీలాలు ఇప్పించారట. కత్తి గాట్లు పడ్డాయని గంధంలో పసుపు కూడా కలిపి రాశారట. ఆ తలలతోనే పిల్లలు నిద్రపోయారు.

తిరుపతిలో ఇన్నేళ్లు పని చేస్తూ ఇది నాకు ముందే తట్టి ఉండాల్సింది. దూది పుల్లను సోడా నీళ్లలో ముంచి మచ్చ అంచున ఒక్క చుక్క పెట్టి ఉంటే, అర నిమిషంలో రంగు చెప్పేసేది. ఇప్పుడు తలవైపు ప్రకాశంగా పసుపు మచ్చ కనిపిస్తే మొదట చేసే పని అదే.

ఎరుపును వెనక్కి తిప్పడం కష్టం కాదు. తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు ఒక వంతు కలిపి, పిండిన గుడ్డతో అద్దితే క్షారం విరిగి మచ్చ మళ్లీ పసుపు రంగుకు వచ్చింది. ఇది మరక పోవడం కాదు, మొదటి స్థితికి రావడం మాత్రమే. సోడాను, వెనిగర్‌ను ఒకేసారి కలిపి పోస్తే బాగా శుభ్రమవుతుందనేవాళ్లు ఇది గమనించాలి. పొంగడం చూడటానికి బాగుంటుంది, కానీ రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుని ఉప్పు నీళ్లే మిగులుతాయి.

పసుపు మరకకు మందు ఎండే. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. పసుపు పడిన చీరను ఎండలో ఆరేస్తే వెలిసిపోవడం అందరూ చూసిందే. తువ్వాలుతో నొక్కి, రాత్రంతా ఫ్యాను కింద పెట్టి, మర్నాటి నుంచి మూడు రోజులు పరుపు పైవైపును రోజుకు రెండు గంటల చొప్పున ఎండకు పెట్టాం. మొదటిరోజు సాయంత్రానికే మచ్చ సగమైంది. మూడో రోజుకు, అక్కడ ఉండేదని తెలిసినవాళ్లు వెతికితే తప్ప కనిపించలేదు.

మిగిలినవి

చెమట మరక పూర్తిగా పోలేదు. నా అంచనాలో మూడింట రెండు వంతులు తగ్గింది. ఏళ్లుగా ముదిరిన నూనె గుడ్డ దారంలోనే పట్టేసి ఉంటుంది. పైగా ఆ పసుపులో కొంత గుడ్డది కాదు, కింద ఫోము రంగు మారి పలచటి గుడ్డలోంచి కనిపిస్తున్నది. దాన్ని ఏ మందుతోనూ తీయలేం. రెండోసారి పెరాక్సైడు వేయమని ఆవిడ అడిగారు, నేను వద్దన్నాను. మరో విడత తడి ఇచ్చి లాభపడేది కొద్ది, పీచు రంగు మళ్లీ పైకి వచ్చే ప్రమాదం ఎక్కువ. నీటి చార అంచు మీద పిండిన గుడ్డతో ఒక్కసారి అద్దాను. ముదురు గీత లేతబడింది, గీతగానే ఉంది.

వెళ్లేముందు మంచం మీది చెక్క పలక చూశాను. దాని మీద ఆవిడ పరుపు పాడవకుండా ఉంటుందని రెక్సిన్ షీటు పరిచారు. ఇకమీదట పరుపు మీద, దుప్పటి కింద వేయడానికి మరో ప్లాస్టిక్ షీటు తీసి పెట్టారు. చెమట కిందికి దిగకుండా ఆపే షీటు, పడుకున్నవాళ్లకు చెమట ఎక్కువ పట్టిస్తుంది, అడుగున ఉన్న రెక్సిన్ లోపలి చెమ్మను బయటకు పోనివ్వదు. రెండూ తీయించి, ఉతకడానికి వీలైన మందపాటి నూలు గలేబు ఒకటి కుట్టించుకోమన్నాను. పలకల మధ్య వేలు పట్టేంత సందులు ఉండటం అదృష్టం.

ఉగాదికి ముందు ఆవిడే ఫోన్ చేశారు. పరుపు గురించి కాదు. పాలిథిన్ ముక్క తానే పెట్టి చూశారట, మసక రాలేదట. అల్మారా వెనక నుంచి మాత్రం ఇంకా తెల్లటి పొడి వస్తూనే ఉందని ఫిర్యాదు.